క్యాలెండర్ కాగితం వెనుక రాసిన గ్యారంటీ

(విశాఖపట్నంలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో, బీమా సంస్థలో పాలసీ సర్వీసింగ్ విభాగంలో పనిచేసి రిటైరైన ఒకరు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. మాట్లాడే ముందు మీకు ఒక కాగితం చూపిస్తాను. వెనుక వరుసల వారికి కనిపించదు కాబట్టి చదువుతాను. ఇది గోడ క్యాలెండర్‌లో చింపిన ఒక నెల కాగితం. ముందు వైపు తిథులు, వర్జ్యాలు ఉన్నాయి. వెనుక తెల్లగా ఉన్న వైపు నీలం సిరాతో ఇలా రాసి ఉంది: "2 లక్షలు × 5 = 10 లక్షలు. 10 ఏళ్ళకు 20 లక్షలు. గ్యారంటీ." గ్యారంటీ అన్న మాట కింద రెండు గీతలు గీశారు. ఇది జిరాక్సు. అసలు కాగితం ఆవిడ బీరువాలో ఉంది.

ఆవిడ గాజువాకలో ఉంటారు. ఆవిడ అనుమతితోనే ఈ విషయం చెబుతున్నాను, పేరు మాత్రం చెప్పను. కంపెనీ పేరు, ఏజెంటు పేరు కూడా చెప్పను. ఆవిడ భర్త ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు, తరువాత రెండేళ్ళకే పోయారు. కుటుంబ పింఛను నెలకు 22,000 రూపాయలు వస్తుంది. ఆయన గ్రాట్యుటీ డబ్బు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉండేది. కొడుకు బెంగుళూరులో ఉద్యోగం. 2022 జనవరిలో, ఆవిడకు అరవై ఏళ్ళు నిండిన నెలలోనే, వీధి చివర ఇంట్లో ఉండే కుర్రవాడు వచ్చాడు. చిన్నప్పటి నుంచి తెలిసినవాడు. "పిన్నిగారూ, బ్యాంకులో అయిదున్నర శాతం కూడా రావడం లేదు. మా దగ్గర ఎఫ్‌డీ లాంటిదే ఉంది. అయిదేళ్ళు కడితే చాలు, పదేళ్ళకు రెట్టింపు. గ్యారంటీ, నేను రాసిస్తాను" అన్నాడు. గోడ మీది క్యాలెండర్ నుంచి పాత నెల చింపి, దాని వెనుక రాసిచ్చాడు.

అతను అమ్మింది యూనిట్ లింక్డ్ పాలసీ, మనం యూలిప్ అంటాం. ఛార్జీలు పోగా మిగిలిన డబ్బును మార్కెట్‌తో ముడిపడిన ఫండ్‌లో యూనిట్లుగా పెట్టే బీమా పాలసీ ఇది. అది అయిదేళ్ళు కట్టి ఆపే పాలసీ కాదు. పదేళ్ళు కట్టాలి, పదిహేనేళ్ళ పాలసీ. రాబడికి ఎలాంటి గ్యారంటీ లేదు. యూలిప్ చెడ్డదని నేను అనడం లేదు. నలభై ఏళ్ళ లోపు వారు, ఆదాయం ఉన్నవారు, రిస్కు తెలిసి తీసుకుంటే అది వారి ఇష్టం. ఈ తల్లికి అది ఎఫ్‌డీ పేరుతో చేరింది, నా అభ్యంతరమల్లా అదే.

ఆవిడకు ఎప్పుడు తెలిసిందో చెబుతాను. మొదటి ప్రీమియం 2022 జనవరిలో చెక్కు ద్వారా వెళ్ళింది. రెండోది 2023 జనవరిలో బ్యాంకు ఖాతా నుంచి దానంతట అదే వెళ్ళిపోయింది, మొదటి రోజే సంతకం చేయించుకున్న ఆటో డెబిట్ పత్రం మీద. మార్చి నెలాఖరులో కొడుకు సెలవుకు వచ్చి, అమ్మ పేరున ఏమేమి ఉన్నాయో సర్దుతూ, కంపెనీకి ఫోను చేసి ఖాతా వివరాలు తెప్పించాడు. కట్టింది 4,00,000. ఫండ్ విలువ 3,38,000. "ఎఫ్‌డీలో డబ్బు తగ్గుతుందా అమ్మా?" అని అడిగాడట. అప్పుడు ఆవిడ ఈ క్యాలెండర్ కాగితం తెచ్చి చూపించారు.

ఆ 62,000 ఎక్కడికి పోయిందో కొంచెం నిదానంగా చూద్దాం. చాలామంది ఇక్కడే పొరపడతారు. "మార్కెట్ పడింది, అందుకే పోయింది" అని ఏజెంటు అన్నాడు, ఇంట్లో వాళ్ళూ నమ్మారు. స్టేట్‌మెంట్‌లో ఒక్కొక్క గడి కూడితే వేరే సంగతి బయటపడింది. ప్రతి ప్రీమియం నుంచి మొదటే అయిదు శాతం, ప్రీమియం అలకేషన్ ఛార్జీ పేరుతో, పక్కకు పోయింది. రెండు ప్రీమియాలకు 20,000. నెలకు 500 చొప్పున పాలసీ నిర్వహణ ఛార్జీ, పదిహేను నెలలకు 7,500. మూడోది ప్రాణ రిస్కు ఛార్జీ, దీన్నే మోర్టాలిటీ ఛార్జీ అంటారు. అది దాదాపు 18,500. ఇవి మూడూ కలిపి 46,000. మిగిలిన 16,000లో ఫండ్ నిర్వహణ ఛార్జీ కొంత, మార్కెట్ తగ్గుదల కొంత. అంటే పోయినదాంట్లో మార్కెట్ వైపుది మహా అయితే నాలుగో వంతు.

ఆ మోర్టాలిటీ ఛార్జీ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మన వయసు వాళ్ళకు దెబ్బ తగిలేది అక్కడే. ఈ పాలసీలో బీమా మొత్తం ఏడాది ప్రీమియానికి ఏడు రెట్లు, అంటే 14 లక్షలు. ఆవిడ పోతే నామినీకి 14 లక్షలు ఇవ్వాలి. అప్పటికి ఫండ్‌లో ఉన్నది పోగా మిగిలినది, మొదటి ఏడాదిలో పన్నెండు లక్షల చిల్లర, కంపెనీ భరించే రిస్కు. దానికి వయసును బట్టి రేటు. ముప్ఫై ఏళ్ళ వారికి ఏడాదికి వెయ్యికి ఒక రూపాయి చుట్టుపక్కల ఉండే ఆ రేటు, అరవై ఏళ్ళ వారికి పది రూపాయలు దాటుతుంది. నెలనెలా యూనిట్లు అమ్మి ఆ ఛార్జీ తీసుకుంటారు. ఆవిడ మీద ఆధారపడినవారు ఎవరూ లేరు. కొడుకు సంపాదిస్తున్నాడు. ఆవిడకు జీవిత బీమా అవసరమే లేదు. అవసరం లేని రక్షణకు, ఎక్కువ రేటున, ఏడాదికి దాదాపు పదిహేను వేలు కడుతున్నారు. ఎఫ్‌డీలో ఇలాంటి కోత ఉండదని మనందరికీ తెలుసు. ఆవిడకూ తెలుసు.

ఇప్పుడు ఫిర్యాదు సంగతి. కొడుకు కోపంతో నాలుగు పేజీలు రాసి నా దగ్గరకు తెచ్చాడు. మోసగాళ్ళు, దొంగలు, మా నాన్న కష్టార్జితం అని ఉంది. కోపం న్యాయమైనదే. కానీ ఆ నాలుగు పేజీలలో ఎక్కువ భాగం "నా డబ్బు తగ్గింది" అన్న మాట మీదే నడిచింది. నేను ముప్ఫై ఏళ్ళు అటు కుర్చీలో కూర్చుని ఇలాంటి ఉత్తరాలు చదివినవాణ్ణి. డబ్బు తగ్గిందని రాస్తే అటువైపు వారి పని తేలిక: "ఇది మార్కెట్‌తో ముడిపడిన పాలసీ, హెచ్చుతగ్గులు సహజం" అని రెండు వాక్యాలు రాసి ఫైలు మూసేస్తారు. పాలసీ నియమాల ప్రకారం ఆ జవాబు సరైనదే కూడా. మన అభియోగం డబ్బు తగ్గడం కాదు. ఒకటి చెప్పి ఇంకొకటి అమ్మారన్నది అభియోగం. రేపు మార్కెట్ పెరిగి ఫండ్ 5 లక్షలైనా ఆ అభియోగం అలాగే ఉంటుంది. ఉత్తరం ఆ ఒక్క మాట మీదే నిలబడాలి.

అయితే ఉత్తరం రాయడానికి ముందు కంపెనీని కొన్ని కాగితాలు అడిగాం. పాలసీ కోసం నింపిన ప్రపోజల్ ఫారం నకలు, దానితో పాటు సంతకం చేయించిన బెనిఫిట్ ఇలస్ట్రేషన్ నకలు, వెల్‌కమ్ కాల్ రికార్డింగు, పాలసీ పత్రం ఎప్పుడు ఎలా పంపారో దాని రుజువు. ఇవి అడిగితే ఇస్తారు. రాతపూర్వకంగా, ఈమెయిలులో అడగండి, బ్రాంచి కౌంటరు దగ్గర నోటితో కాదు. పన్నెండు రోజులలో వచ్చాయి. ఒక్కొక్కటి తెరిచి చూస్తుంటే ఆవిడ ముఖం నాకు ఇంకా గుర్తుంది.

ప్రపోజల్ ఫారంలో వృత్తి అన్న చోట "వ్యాపారం" అని ఉంది. ఏడాది ఆదాయం 8,00,000 అని ఉంది. ఆవిడ పింఛను ఏడాదికి 2,64,000. అందులో 2 లక్షలు ప్రీమియానికి పోతే నెలకు అయిదు వేల చిల్లరతో బతకాలి. ఈ ఆదాయం నిజంగా రాసి ఉంటే, ఈ ప్రీమియం ఈవిడకు తగదని ఫారం చూసిన గుమస్తా అయినా ఆపేవాడు. అందుకే ఆదాయం పెంచి రాశారు. సంతకం మాత్రం ఆవిడదే, తెలుగులో. మిగతా నింపిన అక్షరాలన్నీ ఇంగ్లీషులో, వేరే చేతివ్రాతలో. ఆ చేతివ్రాతను ఈ క్యాలెండర్ కాగితం పక్కన పెట్టి చూడండి, 2 అంకె తోక ఒకేలా తిరుగుతుంది.

ఈమెయిలు గడిలో ఉన్న చిరునామా ఆవిడది కాదు, కొడుకుది కాదు. పాలసీ పత్రం ఆ చిరునామాకు వెళ్ళింది. ఇంటికి పోస్టులో ఏమీ రాలేదు. ఇది ఎందుకు ముఖ్యమో చెబుతాను. పాలసీ పత్రం చేతికి అందాక నచ్చకపోతే వెనక్కి ఇచ్చేసే గడువు ఒకటి ఉంది, ఫ్రీ లుక్ అంటారు. అప్పట్లో మామూలుగా 15 రోజులు, ఆన్‌లైన్ పద్ధతిలో అయితే 30. 2024 నిబంధనల తరువాత అన్నింటికీ 30 రోజులు. ఆ గడువులో వెనక్కి ఇస్తే ఎవరికీ కారణం నిరూపించనక్కరలేదు. ఆ రోజుటి యూనిట్ల విలువకు తీసుకున్న ఛార్జీలు కలిపి, గడిచిన రోజుల రిస్కు ప్రీమియం, వైద్య పరీక్ష ఖర్చు, స్టాంపు డ్యూటీ మినహాయించి ఇచ్చేస్తారు. కంపెనీలు మన ఫిర్యాదులకు ఇచ్చే మొదటి జవాబు ఇదే: ఫ్రీ లుక్ గడువులో మీరు అడగలేదు కదా అని. కానీ గడువు మొదలయ్యేది పత్రం అందిన రోజు నుంచి. అందలేదని మనం అంటే, అందిందని చూపించవలసింది వారు. తనది కాని ఈమెయిలుకు పంపిన పత్రం అందినట్టు ఎలా అవుతుంది?

బెనిఫిట్ ఇలస్ట్రేషన్ మూడు పేజీలు. అందులో రెండు వరుసల అంకెలు ఉంటాయి: ఫండ్ ఏడాదికి 4 శాతం పెరిగితే ఎంత, 8 శాతం పెరిగితే ఎంత అని. ఇవి లెక్క కోసం అనుకున్నవే తప్ప హామీలు కావని, ఇవే కనిష్ఠం, గరిష్ఠం కూడా కావని అక్కడే రాసి ఉంటుంది. 4 శాతం వరుసలో పదిహేనేళ్ళ చివర ఉన్న మొత్తం, ఆవిడ కట్టే 20 లక్షల కంటే కొద్దిగానే ఎక్కువ. ఆ అంకె ముందే చూపించి ఉంటే ఆవిడ సంతకం చేసేవారు కాదు. ఆవిడ సంతకం మూడో పేజీ అడుగున మాత్రమే ఉంది. మొదటి రెండు పేజీలు తాను చూడనే లేదని అంటారు. ఆ మాట నేను నమ్ముతాను, కానీ దాన్ని నిరూపించలేం. సంతకం చేసిన కాగితం చదవలేదనడం బలహీనమైన వాదన. అందుకే ఉత్తరంలో దాన్ని ఒక్క వాక్యానికి మించి రాయనివ్వలేదు.

వెల్‌కమ్ కాల్. పాలసీ ఇచ్చే ముందు కంపెనీ మనిషి ఫోను చేసి, మీరు తీసుకున్నది ఇది, ఇన్నేళ్ళు కట్టాలి, రాబడికి హామీ లేదు, సమ్మతమేనా అని అడిగి రికార్డు చేస్తారు. కంపెనీ చేతిలో ఉండే బలమైన సాక్ష్యం ఇదే. చాలా ఫిర్యాదులు దీని దగ్గరే కూలిపోతాయి. ఆ రికార్డింగు నేను, కొడుకు, ఆవిడ కలిసి మా ఇంటి వరండాలో కూర్చుని విన్నాం. మొత్తం రెండున్నర నిమిషాలు. అవతలి అమ్మాయి ఊపిరి పీల్చుకోకుండా చదువుకుంటూ పోతోంది. ఆవిడ "అవునండి, అవునండి" అంటున్నారు. నాకు కూడా ఆశ సన్నగిల్లింది. తరువాత ఒక చోట ఆ అమ్మాయి "ప్రీమియం చెల్లించే కాలం పది సంవత్సరాలు, సరేనా అండి?" అంది. ఆవిడ ఆగిపోయారు. రెండు మూడు సెకన్లు మౌనం. అప్పుడు ఫోనుకు కొంచెం దూరంగా, ఆవిడ పక్క నుంచి, ఒక మగ గొంతు: "అవునని చెప్పండి పిన్నిగారూ." వెంటనే ఆవిడ, "అవునండి."

ఆ చోటు మూడు సార్లు వెనక్కి తిప్పి విన్నాం. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. డబ్బు కోసం కాదు, ఆ గొంతు పోల్చుకున్నందుకు.

అందుకే మీరెవరైనా ఇలాంటి ఫిర్యాదు వేస్తే, రికార్డింగు ఉందట కదా అని భయపడి వెనక్కి తగ్గకండి, పంపమని అడగండి. పంపాక మొదటి నుంచి చివరి వరకు వినండి. ఏ భాషలో అడిగారు, ఎంత వేగంగా అడిగారు, మార్కెట్ అన్న మాట అసలు వచ్చిందా, పక్కన ఎవరైనా ఉన్నారా అన్నవి చూడండి. ఎన్నో నిమిషం ఎన్నో సెకను దగ్గర ఏముందో రాసుకోండి. ఉత్తరంలో మేము అలాగే రాశాం, "1 నిమిషం 48 సెకన్ల దగ్గర" అని.

ఉత్తరం చివరికి ఒక్క పేజీకి వచ్చింది. కొడుకు రాసిన నాలుగు పేజీలు పక్కన పెట్టి, అయిదు చిన్న పేరాలు రాయించాను. కొంత భాగం చదువుతాను. "2022 జనవరిలో మీ ఏజెంటు మా ఇంటికి వచ్చి, అయిదేళ్ళు ఏడాదికి 2 లక్షలు కడితే పదేళ్ళ తరువాత 20 లక్షలు గ్యారంటీగా వస్తాయని చెప్పి, స్వయంగా రాసిచ్చారు. నకలు జతచేశాను. ఆ చెక్కు ఇవ్వడం కోసం నేను అదే రోజు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేసుకున్నాను. బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేశాను. నాకు ఇచ్చినది యూనిట్ లింక్డ్ పాలసీ. నా ఆదాయం, వృత్తి, ఈమెయిలు ప్రపోజల్‌లో తప్పుగా రాశారు. పింఛను పత్రం జతచేశాను. పాలసీని రద్దు చేసి, నేను కట్టిన 4,00,000 రూపాయలు తిరిగి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను." చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. న్యాయం చేయండి అని రాస్తే ఏమి కావాలో వారికి తెలియదు. ఎంత, ఏ విధంగా అన్నది రాయాలి.

బ్యాంకు స్టేట్‌మెంట్ సంగతి గమనించండి. ఎఫ్‌డీ రద్దైన తేదీ, చెక్కు తేదీ ఒకటే. ఎఫ్‌డీ బదులు ఎఫ్‌డీ లాంటిదే అనుకుని ఇచ్చారని అది పలుకుతుంది. ఏజెంటు నోటి మాటకు సాక్ష్యం దొరకదు, కానీ నమ్మిన మనిషి ఆ నమ్మకంతో ఏమి చేశాడన్నది కాగితాలలో మిగులుతుంది.

ఈ ఉత్తరం కంపెనీ ఫిర్యాదుల పరిష్కార అధికారికి వెళ్ళింది. పద్నాలుగు రోజులలో తేల్చాలన్నది నిబంధన. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో కూడా నమోదు చేశాం. 155255 నంబరుకు ఫోను చేసి కూడా చెప్పవచ్చు. ఒక మాట ముందే తెలుసుకోండి: బీమా భరోసాలో ఎవరూ కూర్చుని తీర్పు చెప్పరు. మన ఫిర్యాదు మళ్ళీ కంపెనీకే వెళుతుంది, కాకపోతే నియంత్రణ సంస్థ కంటికి కనిపిస్తూ వెళుతుంది. జవాబు వచ్చింది. ఊహించినట్టే: ప్రపోజల్ మీద మీ సంతకం ఉంది, వెల్‌కమ్ కాల్‌లో అంగీకరించారు, ఫ్రీ లుక్ గడువు దాటింది, చింతిస్తున్నాం. నేను అడిగిన 1 నిమిషం 48 సెకన్ల గురించి ఒక్క మాట లేదు.

ఆ జవాబు చూసి కొడుకు నిరాశ పడ్డాడు. నేను మాత్రం దాన్ని జాగ్రత్తగా ఫైలులో పెట్టమన్నాను, ఎందుకంటే తరువాతి మెట్టుకు ఆ కాగితమే టికెట్టు. బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్ళాలంటే, ముందు కంపెనీకి రాసి ఉండాలి. వారు కాదని ఉండాలి, లేదా నెల దాటినా జవాబు ఇవ్వకుండా ఉండాలి, లేదా ఇచ్చిన జవాబు మనకు సమ్మతం కాకపోవాలి. అప్పటి నుంచి ఏడాదిలోగా వెళ్ళాలి. మన ఆంధ్రప్రదేశ్‌కు, తెలంగాణకు, యానాంకు కలిపి అంబుడ్స్‌మన్ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు. లాయరును పెట్టుకోవడం కుదరదు, మనమే మాట్లాడుకోవాలి. ఇది మనకు మేలే చేస్తుంది. ఆవిడ హైదరాబాద్ వెళ్ళలేదు కూడా. కాగితాలు ఆన్‌లైన్‌లో పంపాం, విచారణ వీడియోలో జరిగింది. ఇదే విషయం మీద వినియోగదారుల కమిషన్‌లోనో కోర్టులోనో కేసు నడుస్తుంటే మాత్రం అంబుడ్స్‌మన్ తీసుకోరు. దారి ఒకటే ఎంచుకోవాలి. అంబుడ్స్‌మన్ తీర్పు కంపెనీని కట్టేస్తుంది, మనల్ని కట్టేయదు, నచ్చకపోతే ఆ తరువాత వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. అందుకే నేను ముందు ఇటు వెళ్ళమంటాను.

విచారణ ఇరవై నిమిషాలు. అంబుడ్స్‌మన్ ఆవిడను అడిగిన గట్టి ప్రశ్న ఇది: "మోసం జరిగిందంటున్నారు. మరి రెండో ప్రీమియం ఎందుకు కట్టారమ్మా?" ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. రెండో ప్రీమియం కట్టాక వేసే ఫిర్యాదులు ఎక్కువగా ఇక్కడే జారిపోతాయి, అంతా తెలిసే కట్టారని అర్థం వస్తుంది కాబట్టి. నేను ఆవిడకు జవాబు నేర్పించలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాను. ఆవిడ అన్నారు: "అయిదేళ్ళు కట్టాలని అతనే చెప్పాడు కదండీ. రెండో ఏడాది అని కట్టాను. బ్యాంకు నుంచి దానంతట అదే పోయింది. తగ్గిందని తెలిసిన నెల రోజులలోనే కంపెనీకి రాశాను." కాగితం మీది 5 అంకె, ఆటో డెబిట్ పత్రం, స్టేట్‌మెంట్ వచ్చిన తేదీ, ఉత్తరం తేదీ, నాలుగూ ఆ మాటతో సరిపోయాయి.

కంపెనీ ప్రతినిధి మధ్యలో ఒక ప్రతిపాదన పెట్టారు: కట్టిన 4 లక్షలను ఒకే ప్రీమియం పాలసీగా మార్చి ఇస్తాం, అయిదేళ్ళ లాక్ ఇన్ తరువాత తీసుకోవచ్చు అని. ఇది వినడానికి బాగుంటుంది, ఇక ముందు కట్టనక్కరలేదు కాబట్టి చాలామంది ఒప్పుకుంటారు కూడా. ఆవిడ ఒప్పుకోలేదు. అరవై దాటిన మనిషికి అయిదేళ్ళంటే చిన్న సంగతి కాదు, పైగా అది మళ్ళీ మార్కెట్ పాలసీయే.

తీర్పులో పాలసీ రద్దు చేసి 4,00,000 తిరిగి ఇవ్వమన్నారు. వడ్డీ ఇవ్వలేదు. కారణాలలో ముందు రాసింది క్యాలెండర్ కాగితం గురించి అనుకుంటున్నారా? కాదు. ఆదాయం గురించి. 2,64,000 పింఛను ఉన్న అరవై ఏళ్ళ విధవరాలికి పదేళ్ళపాటు 2 లక్షల ప్రీమియం తగదని, ప్రపోజల్‌లో ఆదాయం తప్పుగా చూపించారని. తరువాత తనది కాని ఈమెయిలు. తరువాత ఆ గొంతు. రాసిచ్చిన కాగితం చివర వచ్చింది. దాని మీద కంపెనీ పేరు గానీ సంతకం గానీ లేవు, కాబట్టి అది మిగతావాటిని బలపరిచేదిగా మాత్రమే నిలిచింది. అంటే ఇలాంటి కాగితం లేనివారు కూడా ఆశ వదులుకోనక్కరలేదు. 2023 ఏప్రిల్‌లో మొదలుపెడితే డిసెంబరులో డబ్బు ఖాతాలో పడింది. ఆ రెండేళ్ళ ఎఫ్‌డీ వడ్డీ మాత్రం పోయింది, దాన్ని ఎవరూ ఇవ్వలేదు.

అన్ని కేసులూ ఇలా తేలవు, ఆ మాట కూడా చెప్పాలి. మొన్న మద్దిలపాలెం నుంచి ఒకాయన వచ్చారు. ఆయనదీ ఇలాంటి పాలసీయే. కానీ ఏజెంటు మొదటి ప్రీమియంలో 15,000 తిరిగి ఇచ్చాడు, ఆయన ఫోన్‌పేలో తీసుకున్నారు. కమీషన్‌లో వాటా ఇవ్వడం, తీసుకోవడం రెండూ బీమా చట్టం 41వ సెక్షన్ కింద నిషిద్ధం. ఆ లావాదేవీ బయటికి వస్తే అమాయకంగా నమ్మానన్న మాట బలం తగ్గుతుంది. ఆయన నాలుగేళ్ళు స్టేట్‌మెంట్లు చూస్తూ కట్టారు కూడా. అది కష్టమైన కేసు అని ఆయన ముఖం మీదే చెప్పాను.

ఇంకొందరు తగ్గిందని తెలియగానే కోపంతో సరెండర్ చేసేస్తారు. అయిదేళ్ళు నిండకముందు అలా చేస్తే డబ్బు చేతికి రాదు. డిస్‌కంటిన్యూడ్ ఫండ్ అని వేరే చోటికి వెళుతుంది. అక్కడ ఏడాదికి కనీసం 4 శాతం వస్తుంది, అయిదేళ్ళు నిండాకే ఇస్తారు. అలా మధ్యలో ఆపినందుకు కంపెనీ కొంత కోసుకుంటుంది. ఏడాది ప్రీమియం 50,000 దాటిన పాలసీలో ఆ కోత మొదటి ఏడాదిలో 6,000కు మించకూడదు, మూడో ఏడాదిలో 4,000కు మించకూడదు, అయిదో ఏడాది నుంచి అసలు ఉండదు. కాబట్టి ఫిర్యాదు నడుస్తుండగా తరువాతి ప్రీమియం తేదీ వస్తే, కట్టకపోతే అంతా పోతుందేమోనని భయపడి అప్పు చేసి కట్టకండి. పోయేది ఆ కోత, ఆ బీమా రక్షణ. మీ ఫిర్యాదు అక్కడే ఉంటుంది.

"ఆ కుర్రవాడు ఏమయ్యాడు?" అని వెనుక నుంచి అడుగుతున్నారు. అంబుడ్స్‌మన్ ఏజెంట్లకు శిక్ష వేయరు. అతని మీద చర్య తీసుకోవలసింది కంపెనీ. తీసుకున్నారో లేదో ఆవిడకు తెలియజేయలేదు. అతను ఇంకా అదే వీధిలో ఉన్నాడు, ఆవిడ అతని తల్లితో ఇప్పటికీ మాట్లాడుతున్నారు. ఫిర్యాదు ఇవ్వడానికి ఆవిడ మూడు వారాలు తటపటాయించింది ఈ కారణం వల్లే. ఏజెంటు మన చుట్టమో, చుట్టాల చుట్టమో అయి ఉంటాడు. మనం ఉత్తరంలో రాసేది కంపెనీ మీద. కమీషన్ ఇచ్చి పంపింది వారు, ప్రపోజల్ ఒప్పుకున్నది వారు, ప్రీమియం తీసుకున్నది వారు. వారి ఏజెంటు చెప్పిన మాటకు జవాబు చెప్పవలసింది కూడా వారే.

ఇక మీరు తెచ్చిన పాలసీలు చూద్దాం. ఎఫ్‌డీ లాంటిదని చెప్పి ఇచ్చిన పాలసీ ఏ రకమో తెలుసుకోవడానికి లోపలి పేజీలు చదవనక్కరలేదు. మొదటి పేజీలో, పాలసీ పేరు దగ్గరే, యూఐఎన్ అని ఒక నంబరు ఉంటుంది. మొదట మూడు అంకెలు, తరువాత ఒక ఇంగ్లీషు అక్షరం, మళ్ళీ అంకెలు. ఆ అక్షరం ఎల్ అయితే లింక్డ్, మార్కెట్‌తో ముడిపడినది. ఎన్ అయితే నాన్ లింక్డ్. ఎన్ ఉన్నంత మాత్రాన మొత్తం గ్యారంటీ అని కాదు, బోనస్ మీద ఆధారపడేవి కూడా వాటిలో ఉంటాయి. కానీ ఎల్ ఉంటే మాత్రం ఎఫ్‌డీలా రాబడి గ్యారంటీ అన్న మాట అందులో నిజం కాదు. ఎల్ ఉన్న పత్రంలో పెట్టుబడి రిస్కు పాలసీదారే భరించాలని పెద్ద అక్షరాలతో ఒక వాక్యం కూడా ఉంటుంది.

ముందు వరుసలో ఉన్న అమ్మగారు సంచిలోంచి పాలసీ తీస్తున్నారు. అమ్మా, ఇటు ఇవ్వండి. అది ఎప్పుడు అందింది మీకు? పోయిన నెల పద్దెనిమిదిన? అయితే ముప్ఫై రోజులు ఇంకా నిండలేదు. ఎల్ అని ఉంది చూడండి. మీకు ఏమని చెప్పి ఇచ్చారో ముందు అది చెప్పండి, ఉత్తరం ఇక్కడే రాద్దాం, రేపు ఉదయం బ్రాంచిలో ఇచ్చి నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి.